హూడి ఫ్లాట్: రిజిస్ట్రేషన్ వాయిదా వేస్తూనే ఉన్నారు, మర్యాదగా చివరి తేదీ ఎలా చెప్పాలి?

సుజాత_హూడి | నవంబర్ 8, 2025, ఉదయం

అందరికీ నమస్తే. బెంగళూరు హూడిలో మా ఫ్లాటు 78 లక్షలకి బేరం కుదిరింది. జూన్ 12న అగ్రిమెంటు రాసుకున్నాం. కొనేవాళ్ళు 8 లక్షలు అడ్వాన్సు బ్యాంకు ద్వారానే ఇచ్చారు. ఆగస్టు 20 లోపు రిజిస్ట్రేషన్ అని అందులో ఉంది.

మొదట ఆషాఢం అన్నారు, సరే అన్నాం. తర్వాత లోన్ ఇంకా రాలేదన్నారు. ఆగస్టు 31 నుంచి కర్ణాటకలో రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం నుంచి రెండు శాతమైంది కదా, అప్పట్నుంచి ‘ఆ పెరిగిన 78 వేలు మీరు తగ్గించుకోండి’ అంటున్నారు. ఆ తర్వాత మహాలయ పక్షాలు, దసరా, దీపావళి. ఇప్పుడేమో 26 నుంచి శుక్ర మూఢం కాబట్టి ఫిబ్రవరిలో చూద్దామంటున్నారు. మాకు నెలనెలా 27 వేల ఈఎంఐ పోతోంది. మావారు పుణెలో ఉద్యోగం, ఫ్లాటు ఇద్దరి పేరునా ఉంది కాబట్టి ఆయన కూడా సెలవు పెట్టుకుని రావాలి.

కొనేవాళ్ళలో ఆవిడ నాకు యోగా క్లాసులో పరిచయం, వాళ్ళాయన్ని అన్నయ్యగారూ అనే పిలుస్తాను. గొడవ పెట్టుకోవాలని లేదు. ఈ మెసేజ్ రాసి పెట్టుకున్నాను, పంపొచ్చా?

> అన్నయ్యగారూ, ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మీ వీలు చూసుకుని వీలైనంత త్వరగా రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం. ఇంకా ఆలస్యమైతే మేం వేరేవాళ్ళని చూసుకోవాల్సి వస్తుంది. దయచేసి అర్థం చేసుకోగలరు.

---

వెంకట్_మారతహళ్ళి | నవంబర్ 8

ఇంత మొహమాటం దేనికండీ? ఆగస్టు 20 దాటింది, అగ్రిమెంటు దానంతటదే చచ్చిపోయింది. అడ్వాన్సు మీదే. రేపే వేరేవాళ్ళకి అమ్మేయండి, మెసేజ్ కూడా అక్కర్లేదు.

---

మురళి_గిరినగర్ | నవంబర్ 8

మాదీ ఇదే గోల. బిల్డర్ పొసెషన్ ఇస్తానన్న తేదీ ఎప్పుడో దాటింది, అడిగితే ఇంట్లో చేరడానికి కావాల్సిన ఓసీ రాలేదంటాడు. మీరు కర్ణాటక రెరాలో కంప్లయింట్ పెట్టండి, వెబ్‌సైట్‌లోనే పెట్టొచ్చు.

---

సుజాత_హూడి | నవంబర్ 8

మురళి గారూ, ఇక్కడ అమ్మేది మేమే, అదీ పాత ఫ్లాటు. రెరాకి దీంతో పనిలేదనుకుంటా.

---

రావు_రిటైర్డ్_బ్యాంకు | నవంబర్ 8, సాయంత్రం

అమ్మా సుజాతా, ఇళ్ళ లోన్ల విభాగంలో చాలాకాలం చేశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు వెంకట్ గారి మాట గురించి. తేదీ దాటగానే అగ్రిమెంటు రద్దైపోదు. స్థిరాస్తి అమ్మకాల్లో ఒప్పంద ప్రాణమంతా తేదీలోనే ఉందని కోర్టులు మామూలుగా అనుకోవు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1993లో చాంద్ రాణి కేసులో ఇదే చెప్పింది. అయితే అగ్రిమెంటు మాటలు, చుట్టూ ఉన్న పరిస్థితులు చూసి తేదీ ముఖ్యమేనని తేల్చవచ్చని కూడా చెప్పింది. మీ అగ్రిమెంటులో ‘సమయం ముఖ్యం’ అనే వాక్యం ఉందా? ఉన్నా సరే, ఆగస్టు తర్వాత వాట్సాప్‌లో మీరేం జవాబిచ్చారు?

---

సుజాత_హూడి | నవంబర్ 8

6వ క్లాజులో ఉందండీ. కానీ వాళ్ళు అడిగినప్పుడల్లా నేను ‘పర్లేదు అన్నయ్యగారూ, నిదానంగా చూడండి’ అనే రాశాను.

---

రావు_రిటైర్డ్_బ్యాంకు | నవంబర్ 8

అదే సంగతి. 6వ క్లాజు కాగితం మీద ఉన్నా, మీ ‘పర్లేదు’లతో దాని పదును పోయింది. మళ్ళీ పదునెక్కాలంటే అవతలివాళ్ళకి సరిపడా గడువిచ్చి, ‘ఈ తేదీ చివరిది’ అని స్పష్టంగా రాసి పంపాలి. మీ డ్రాఫ్టులో లేనిదల్లా అదే. ‘వీలైనంత త్వరగా’ అంటే వాళ్ళకి ఫిబ్రవరి కూడా త్వరే. పైగా ‘వేరేవాళ్ళని చూసుకుంటాం’ అని ఉంది, అది మర్యాదా కాదు, చట్టప్రకారం పనికొచ్చేదీ కాదు. తేదీ లేకుండా బెదిరింపు మాత్రం మిగిలింది.

మెసేజ్ మీ ఇద్దరి పేరుతో వెళ్ళాలి. ఫ్లాటు ఇద్దరిదైనప్పుడు ఒకరే రాస్తే, ‘మీవారు వేరే చెప్పారు’ అనే సందు దొరుకుతుంది.

---

కాంతమ్మ_యలహంక | నవంబర్ 8

మూఢంలో గృహప్రవేశం చెయ్యరు గానీ రిజిస్ట్రేషన్‌కి అడ్డేముందమ్మా? మా అబ్బాయి స్థలం మూఢంలోనే రాయించాం, గృహప్రవేశం తర్వాత మంచిరోజు చూసుకున్నాం. అయినా కొందరికి పట్టింపు ఉంటుంది, ఆ మాట ఎగతాళి చెయ్యకుండా రాయి.

---

అనూష_బీటీఎం | నవంబర్ 9

పోయినేడు నేను కొనేవైపు ఉన్నాను కాబట్టి అటువైపు మాట ఒకటి చెప్తాను. 78 వేల కోసం మొండికేస్తున్నారంటే, వాళ్ళ చేతిలో డబ్బు కటకటగా ఉందేమో చూడండి.

లోన్ 30 లక్షలు దాటి 75 లక్షల లోపైతే బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం దాకా ఇస్తుంది. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపదు. 78 లక్షలకి 62.4 లక్షలు లోన్ వస్తుంది, 15.6 లక్షలు చేతినుంచి పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఇప్పుడు సెస్సులతో కలిపి 7.6 శాతం, అంటే 5.93 లక్షలు. మొత్తం 21.5 లక్షలు. 8 ఇచ్చేశారు, ఇంకా 13.5 సర్దాలి. ఇది అంతా బాగున్నప్పుడు. బ్యాంకు పంపిన వాల్యుయర్ 72 లక్షలే అని రాస్తే లోన్ 57.6కి దిగుతుంది, చేతినుంచి ఇంకో 4.8 లక్షలు పెట్టాలి. మా విషయంలో అలాగే అయింది. అమ్మేవాళ్ళకి చెప్పడానికి నామోషీ అనిపించి మేమూ పంచాంగం చూపించాం.

కాబట్టి మెసేజ్‌కి ముందు ఒక్క ఫోన్ చేసి ‘లోన్ ఎంత మంజూరైంది అన్నయ్యగారూ?’ అని అడగండి. తారీకు అడగొద్దు.

---

వెంకట్_మారతహళ్ళి | నవంబర్ 9

అసలు ఆ 78 వేలు టీడీఎస్ కదా? 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు ఒక శాతం పట్టుకుని కడతాడు. వాళ్ళు సరిగ్గానే అడుగుతున్నారేమో.

---

రావు_రిటైర్డ్_బ్యాంకు | నవంబర్ 9

రెండూ ఒక శాతమే కాబట్టి అంకె ఒకటే అయింది, విషయం వేరు. టీడీఎస్ సుజాత గారి పాన్ మీద పడే పన్ను, రిటర్నులో వాళ్ళకే లెక్కలోకి వస్తుంది. ఫీజు పెరిగిన 78 వేలు ఎవరికీ తిరిగిరాదు. అన్నట్టు అమ్మా, 8 లక్షల అడ్వాన్సు మీద ఆయన 8 వేలు టీడీఎస్ పట్టుకుని 26QB ఫారంతో కట్టాడా? కట్టకపోతే రిజిస్ట్రేషన్ రోజు మొత్తం లెక్క కలవదు, ఆ గొడవ ఆ రోజుకి పెట్టుకోకండి.

పెరిగిన ఫీజు ఎవరు భరించాలనేది మీ అగ్రిమెంటే చెబుతుంది.

---

సుజాత_హూడి | నవంబర్ 9

‘స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ కొనేవారివే’ అని ఉంది. టీడీఎస్ మాత్రం కట్టలేదు, పూర్తి 8 లక్షలూ మాకే వచ్చాయి.

ఇప్పుడే ఫోన్ చేశాను. అనూష గారు ఊహించిందే. వాల్యుయేషన్ తక్కువొచ్చిందట, ఎంతో చెప్పలేదు. వాళ్ళ బావమరిది నుంచి డబ్బు రావాలట. ‘మీకు చెప్పలేకపోయామమ్మా’ అన్నారు. నాకూ కాస్త జాలేసింది. అయినా తేదీ మాత్రం చెప్పలేదు.

---

శేషు_సివిల్_కోర్టు | నవంబర్ 9, రాత్రి

నేను వకీలుని, కానీ మీ వకీలుని కాదు, అది గుర్తుంచుకోండి. జాలితో ఇంకోసారి ‘పర్లేదు’ అనకండి. ఇంకా పంపకపోతే ఈ రెండ్రోజుల్లో పంపండి.

గడువు మరీ తక్కువైతే నోటీసు నిలబడదు. లోన్‌తో కొనేవాళ్ళకి నెల రోజులివ్వడం సబబు. డిసెంబర్ 10 బుధవారం పెట్టండి. మీ అగ్రిమెంటులో కొనేవారి వల్ల ఆగితే ఏం చెయ్యాలని ఉంది?

---

సుజాత_హూడి | నవంబర్ 9

9వ క్లాజు: కొనేవారి వల్ల ఆగితే 2 లక్షలు మినహాయించుకుని మిగతాది 30 రోజుల్లో వెనక్కివ్వాలి.

---

శేషు_సివిల్_కోర్టు | నవంబర్ 9

అయితే మెసేజ్‌లో ‘9వ క్లాజు ప్రకారం’ అని మాత్రం రాయండి. ‘8 లక్షలూ మావే’ అని పొరపాటున కూడా రాయొద్దు. అగ్రిమెంటు ఇవ్వని హక్కు మీరు చూపిస్తే, తప్పు మీవైపుందని చెప్పుకోవడానికి వాళ్ళకి వీలిచ్చినట్టే. ఆ 2 లక్షలైనా మీకు కచ్చితంగా దక్కుతాయని నేను చెప్పను. బయానా అని రాసుంటే ఒక తీరు, ధరలో భాగంగా అడ్వాన్సు అని రాసుంటే ఇంకో తీరు. మీకు జరిగిన నష్టమెంతో కోర్టు అడగవచ్చు. ఈఎంఐ స్టేట్‌మెంట్లు దాచిపెట్టుకోండి.

---

రావు_రిటైర్డ్_బ్యాంకు | నవంబర్ 10

శేషు గారి తేదీతో ఏకీభవిస్తాను. కానీ ఒక్క తేదీ రాసి ఊరుకుంటే డిసెంబర్ 9 సాయంత్రం ఫోన్ వస్తుంది, ‘డీడీ ఇంకా రాలేదు’ అని. రిజిస్ట్రేషన్ ఒక్కరోజు పని కాదు. రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి వెబ్‌సైట్‌లో డీడ్ డ్రాఫ్టు ఎక్కించాలి, సబ్‌రిజిస్ట్రార్ చూసి సరే అన్నాకే స్టాంపు, ఫీజు కట్టాలి, ఆ తర్వాతే స్లాటు. వెనక్కి పంపితే మళ్ళీ దిద్ది పెట్టాలి. ఇటు మీ లోన్ తీర్చడానికి మీ బ్యాంకు పేర ఒక డీడీ, మిగతాదానికి మీ పేర ఇంకోటి వాళ్ళ బ్యాంకు తయారుచెయ్యాలి. దానికి మీ బ్యాంకు ఫోర్‌క్లోజర్ లెటర్ కావాలి. ఆ లెటర్‌లో వడ్డీ ఒక తేదీ దాకానే లెక్కకడతారు, అది దాటితే కొత్తది తీసుకోవాలి.

అందుకే మధ్యలో ఒక మజిలీ పెట్టండి. లోన్ మంజూరు పత్రం, డ్రాఫ్టు నవంబర్ 21 లోపు అని. 21న ఏమీ రాకపోతే డిసెంబర్ 10న ఏం జరుగుతుందో మీకు అప్పుడే తెలిసిపోతుంది. మీవారి పుణె టికెట్టు కూడా దాన్నిబట్టి కొనుక్కోవచ్చు.

కార్పొరేషన్ ఆస్తి రికార్డు, అదే మీ ఈ-ఖాతా వచ్చిందా? అది లేకుండా బెంగళూరులో ఫ్లాటు రిజిస్టర్ కాదు. మీవైపు ఒక్క కాగితం తక్కువున్నా ఈ మెసేజ్ మీకే ఎదురు తిరుగుతుంది.

---

సుజాత_హూడి | నవంబర్ 10

ఈ-ఖాతా ఉంది. ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ, పన్ను రసీదు, అసోసియేషన్ బకాయి లేదన్న లెటరూ ఉన్నాయి. మూఢం ముందే కావాలంటే 24 అనో 25 అనో రాయనా?

---

శేషు_సివిల్_కోర్టు | నవంబర్ 10

వద్దు. రెండు తేదీలు రాస్తే చివరిది ఏదో తెలియదు. ఒక్కటే ఉండాలి.

---

రావు_రిటైర్డ్_బ్యాంకు | నవంబర్ 10

నేనైతే రాస్తాను. రాయకపోతే ‘కావాలనే మూఢంలో పెట్టారు’ అంటారు. చివరి తేదీ ఒక్కటే, అంతకుముందు కావాలంటే మీ ఇష్టం అని విడదీసి రాస్తే గందరగోళం ఉండదు. ఇదిగో, సుజాత గారి గొంతు పోకుండా ప్రయత్నించాను:

> అన్నయ్యగారూ, వదినగారూ, నమస్తే.
>
> జూన్ 12న రాసుకున్న అగ్రిమెంటు ప్రకారం మన హూడి ఫ్లాటు రిజిస్ట్రేషన్ ఆగస్టు 20 లోపు కావలసింది. మీరు అడిగినప్పుడల్లా ఆగాం. ఇకమీదట ఆగే వీలు మాకు లేదు, అందుకే మేమిద్దరం కలిసి ఇది రాస్తున్నాం.
>
> రిజిస్ట్రేషన్‌కి చివరి తేదీ డిసెంబర్ 10, బుధవారం. ఆ రోజుకి పని జరగాలంటే మీ బ్యాంకు లోన్ మంజూరు పత్రం, సేల్ డీడ్ డ్రాఫ్టు నవంబర్ 21 లోపు మాకు చేరాలి. మూఢం రాకముందే చేసుకోవాలని మీకుంటే నవంబర్ 24, 25 తేదీల్లోనూ మేం వస్తాం, ఆ సంగతి 14వ తేదీ లోపు చెప్పండి. మీరు చెప్పకపోతే డిసెంబర్ 10నే అనుకుంటాం.
>
> మా ఈ-ఖాతా, ఈసీ, పన్ను రసీదు, అసోసియేషన్ లెటర్ సిద్ధంగా ఉన్నాయి, కాపీలు ఈమెయిల్‌లో పంపాం. మీ డీడీల తేదీ చెప్పగానే మా బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ తెస్తాం. ధర, ఖర్చులు, మిగతా షరతులన్నీ అగ్రిమెంటులో ఉన్నట్టే.
>
> డిసెంబర్ 10న కూడా మీవైపు నుంచి కుదరకపోతే 9వ క్లాజు ప్రకారం అగ్రిమెంటు ముగించి, అడ్వాన్సు లెక్క చూసి ఇచ్చేస్తాం. ఇంతకుముందు ఆగాం కాబట్టి ఇప్పుడూ ఆగుతామని మాత్రం అనుకోవద్దు.
>
> ఈ ఇల్లు మీదే కావాలని మాకూ ఉంది. మీ జవాబు కోసం చూస్తుంటాం.

---

కాంతమ్మ_యలహంక | నవంబర్ 10

ఇది బాగుంది. చదివితే కోపం రాదు, కానీ పక్కన పెట్టెయ్యడానికీ ఉండదు.

---

ప్రసాద్_వేళచ్చేరి | నవంబర్ 10

మా చెన్నై అనుభవం కూడా వినండి. కొనేవాళ్ళు సాగదీస్తుంటే నేను కోపంగా ‘డీల్ క్యాన్సిల్, అడ్వాన్సు మర్చిపోండి’ అని వాట్సాప్ పెట్టాను. తమిళనాడులో అమ్మకం అగ్రిమెంటు కూడా రిజిస్టర్ చెయ్యాల్సిందే, అది ఈసీలో కనపడుతుంది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ విల్లంగం, అంటే ఆ ఈసీ చూసి ‘ముందు ఆ పాత అగ్రిమెంటు రద్దు చేయించండి’ అనేవాళ్ళు. రద్దు పత్రం మీద పాతాయన సంతకం కావాలి, ఆయనేమో నా మెసేజ్ పట్టుకుని కూర్చున్నాడు. చివరికి అడ్వాన్సంతా, పైన కొంత కలిపి ఇస్తేగానీ సంతకం పెట్టలేదు.

సుజాత గారూ, మీ అగ్రిమెంటు రిజిస్టర్ అయిందా?

---

సుజాత_హూడి | నవంబర్ 10

లేదండీ, స్టాంపు పేపరు మీద నోటరీ మాత్రమే.

---

శేషు_సివిల్_కోర్టు | నవంబర్ 10

ఈసీలో కనపడదు, అంతవరకు నయం. అలాగని అది లేనట్టు కాదు. డిసెంబర్ 10 దాటితే రద్దు లెటర్ పంపి, వెనక్కివ్వాల్సింది బ్యాంకు ద్వారా పంపి, వీలైతే ఒరిజినల్ అగ్రిమెంటు మీద ‘రద్దు’ అని అందరి సంతకాలు తీసుకున్నాకే కొత్తవాళ్ళ దగ్గర టోకెన్ తీసుకోండి. డబ్బు దగ్గర పెట్టుకుని ఇంకొకరికి అమ్మితే వాళ్ళు కోర్టుకెళ్ళి ఆపించే వీలుంది.

మెసేజ్ వాట్సాప్‌లో పెట్టండి, అదే మాట ఈమెయిల్‌లో, సంతకాలతో స్పీడ్ పోస్టులో పంపండి. చిరునామా అగ్రిమెంటులో ఉన్నదే రాయాలి, వాళ్ళిప్పుడు ఎక్కడున్నా సరే. 24, 25 వాక్యం నాకు ఇంకా నచ్చలేదు, మీ ఇష్టం.

---

సుజాత_హూడి | నవంబర్ 11

రావు గారి డ్రాఫ్టే పంపాను, 24, 25 ఉంచాను. మావారు కూడా చూసి సరే అన్నారు. పోస్టు కూడా వేశాను. 78 వేల గురించి విడిగా ఏమీ రాయలేదు.

ఇందాకే జవాబొచ్చింది: ‘సరేనమ్మా, బావమరిదితో మాట్లాడి నెలాఖరుకి చెప్తాం. ఆ ఫీజు సంగతి కూడా కాస్త చూడండి.’

---

రావు_రిటైర్డ్_బ్యాంకు | నవంబర్ 11

నెలాఖరంటే మీరిచ్చిన 21 దాటిపోయినట్టే. మీరు ఊరుకుంటే ఆ మాటే నిలబడుతుంది. ఈరోజే ఒక్క వాక్యం పెట్టండి: ‘అలాగే అన్నయ్యగారూ, మాట్లాడండి, కానీ పత్రాలు 21 లోపు, రిజిస్ట్రేషన్ డిసెంబర్ 10 లోపు అన్నది మాత్రం మారదు.’ ఇంతకుమించి గడువు ఇవ్వాల్సొస్తే ఊరికే ఇవ్వకండి. ఆ నెలల ఈఎంఐ వాళ్ళు కట్టాలి, అదీ కాగితం మీద రాసుకోవాలి.

---

అనూష_బీటీఎం | నవంబర్ 11

ఫీజులో సగం, అంటే 39 వేలు మీరు భరిస్తే పని ముందుకి కదులుతుందేమో ఆలోచించండి. రెండు నెలల ఈఎంఐ కన్నా తక్కువే కదా. కానీ నవంబర్ 21 లోపు పత్రాలిస్తేనే అని మెలిక పెట్టండి.

---

వెంకట్_మారతహళ్ళి | నవంబర్ 11

ఆలస్యం చేసింది వాళ్ళు, డిస్కౌంటు మీరివ్వాలా? ఆగస్టు 20కి వచ్చుంటే పాత ఫీజే కదా పడేది. నేనైతే ఒక్క రూపాయి తగ్గను.

---

శేషు_సివిల్_కోర్టు | నవంబర్ 11

ఈ ఒక్క విషయంలో వెంకట్ గారు చెప్పింది న్యాయమే. ఇవ్వడం ఇవ్వకపోవడం సుజాత గారి లెక్క. ఇచ్చేట్టయితే మాత్రం ధర తగ్గించినట్టు రాయొద్దు, రాస్తే డీడ్‌లో అంకె, టీడీఎస్, బ్యాంకు మంజూరు అన్నీ మార్చాల్సొస్తుంది.

---

సుజాత_హూడి | నవంబర్ 11, రాత్రి

రావు గారి వాక్యం పంపాను. నీలి టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. 39 వేల సంగతి మావారితో తేల్చుకోవాలి, ఆయన వెంకట్ గారి పార్టీ. 21న ఏం వచ్చిందో ఇక్కడే రాస్తాను.